స్కాన్‌లో కనపడనిది

బైక్ మీద నుంచి పడి నా నుదురు నేలకు కొట్టుకుంది. ఆసుపత్రి, కుట్లు, సీటీ స్కాన్ అన్నీ అయ్యాయి. గండం గడిచిందనుకున్నాం.

మూడో నెలలో ఒక రాత్రి పాపకు జ్వరం. ఇంట్లో మేమిద్దరమే. స్టవ్ మీద నీళ్లు పెట్టి, థర్మామీటర్ కోసం అలమర తెరిచాను. లోపల అంతా చిందరవందర. సర్దడం మొదలుపెట్టాను. "నాన్నా, పొగ!" అని పాప అరిచేదాకా సర్దుతూనే ఉన్నాను. నీళ్లన్నీ ఇగిరిపోయి గిన్నె పిడి కరుగుతోంది. నీళ్లు పెట్టిన సంగతి నాకు గుర్తుంది. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణే. గుర్తుండి కూడా అక్కణ్ణుంచి లేవలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డాక్టరుకు చెబితే తలెత్తకుండానే "స్కాన్ నార్మల్. కాస్త బాధ్యతగా ఉండండి" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మెదడులో సన్నని నరాల తంతువులు దెబ్బతిన్నా సీటీలో చాలాసార్లు కనపడదని ఆయనకు తెలియదా?

చివరికి మెదడు దెబ్బ ఆలోచననీ నడవడికనీ ఎలా మారుస్తుందో పరీక్షించే ఒక న్యూరోసైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్లాం. ముందు రంగుల పేర్లు చదివించారు, తర్వాత రంగు మచ్చలు చూపించి ఏ రంగో చెప్పమన్నారు. రెండూ బాగానే చెప్పాను. మూడో కాగితంలో "ఎరుపు" అనే మాట నీలం సిరాతో ఉంది. మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. నోరు మాత్రం "ఎరుపు" అనేస్తోంది! మొదటి రెండూ ఎందుకంటే, మనిషే నెమ్మదా, లేక నోటికొచ్చేదాన్ని ఆపుకోలేకపోతున్నాడా అని తేల్చడానికట.

తర్వాత 'టవర్ ఆఫ్ లండన్' అనే పరీక్ష. ఎత్తు తేడాగా మూడు కడ్డీలు, వాటికి మూడు రంగుల పూసలు. ఒక్కోసారి ఒక్క పూసే జరుపుతూ బొమ్మలో ఉన్నట్టు చేయాలి. చూడగానే ఎర్రపూసను దాని చోట పెట్టేశాను. దాని కింద ఉండాల్సిన పచ్చది ఇంకా బయటే ఉంది. మళ్లీ తీయాల్సి వచ్చింది. నాలుగుసార్లు జరిపితే అయ్యేదానికి తొమ్మిదిసార్లు జరపాల్సి వచ్చింది. "మీరు ఆలోచించకముందే చెయ్యి కదులుతోంది. ఇది బద్ధకం కాదు, దెబ్బ" అన్నారామె. ఏడ్చేశాను.

ఆమె మా ఆవిణ్ణి కూడా గంటసేపు కూర్చోబెట్టి నా గురించి అడిగారు. నిశ్శబ్దమైన గదిలో ఏం చేయాలో ఎదుటివాళ్లే చెబుతారు కాబట్టి కొందరు పరీక్షల్లో నెగ్గి ఇంట్లో తడబడతారట. మీరూ వెళ్తే మీతో రోజూ ఉండేవాళ్లను తీసుకెళ్లండి.

ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా "ఆగు, ఏం చేస్తున్నా?" అని పైకే అనుకుంటాను. స్టవ్ వెలిగిస్తే టైమర్ జేబులో ఉండాల్సిందే. దేవుడి దయవల్ల ఆ రాత్రి పాప మేలుకుని ఉంది.