నొక్కితే దొరకని వీపు నొప్పి

మొదటిసారి ఆ నొప్పి వచ్చింది పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రి. పదకొండున్నరకు మెలకువ వచ్చేసరికి వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య, కాస్త కుడివైపుకి, ఎవరో పిడికిలితో గట్టిగా నొక్కి పట్టినట్టుంది. అటు తిరిగినా, లేచి నడిచినా ఏ మార్పూ లేదు. రెండు గంటల తర్వాత దానంతటదే పోయింది.

కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం కదా, కండరం పట్టేసిందనుకున్నాం. అమ్మ వేడి నూనె రాసింది. ఎక్స్‌రే తీసి, వెన్నుపూసలు కొంచెం అరిగాయన్నారు. ఫిజియోథెరపీకి వెళ్లాను. నాకు 46 ఏళ్లు. ఈ వయసులో ఆ మాత్రం అరుగుదల నొప్పి లేనివాళ్లలోనూ కనిపిస్తుందని అప్పుడు తెలియదు. మూడు వారాలు ఆ దారిలోనే పోయాయి.

తర్వాతిసారి నొప్పితో పాటు చెమటలు, వాంతి. మావారు టెన్షన్ పడి నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అదే మంచిదైంది. వెళ్లగానే ఈసీజీ తీశారు, బాగానే ఉంది. అయినా డాక్టరుగారు ఇంటికి పంపలేదు. "ఒక్క ఈసీజీ చూసి గుండె కాదనలేమమ్మా. ఆడవాళ్లకి గుండెపోటు ఒక్కోసారి ఛాతీలో కాకుండా వీపులో నొప్పి, వాంతులతోనే వస్తుంది" అన్నారు. ట్రోపోనిన్ రక్తపరీక్ష చేసి, మూడు గంటలాగి మళ్లీ చేశారు. గుండె కండరం దెబ్బతిన్నా ట్రోపోనిన్ రక్తంలో పెరగడానికి కొంత సమయం పడుతుందట. పెద్ద రక్తనాళం చీలిందేమోనని రెండు చేతులకూ బీపీ చూశారు. అన్నీ మామూలుగానే వచ్చాయి.

అప్పుడు ఆవిడ నా వీపు మీద బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ "ఇక్కడేనా?" అని అడిగారు. చోటు అదే, కానీ ఆ నొప్పి వేలికి దొరకలేదు. కండరం నొప్పైతే నొక్కినప్పుడో, చెయ్యి కదిపినప్పుడో తెలుస్తుందన్నారు. ముందు రోజు ఏం తిన్నావని అడిగారు. మటన్, గారెలు. పెళ్లి రాత్రి కూడా అంతే.

మర్నాడు పరగడుపున కడుపు స్కానింగ్ చేశారు. తింటే పిత్తాశయం ముడుచుకుపోయి సరిగా కనబడదట. అందులో నాలుగు రాళ్లున్నాయి. నూనె, కొవ్వు తిన్నప్పుడు పిత్తాశయం ముడుచుకుంటుంది, రాయి దాని మూతికి అడ్డుపడుతుంది. అక్కడి నరాలూ వీపు నరాలూ వెన్నుపాములో దగ్గర దగ్గరగా చేరడం వల్ల నొప్పి వీపులో ఉన్నట్టు అనిపిస్తుంది. పిత్తాశయం గోడ వాయలేదు, కామెర్లు లేవు, జ్వరం లేదు కాబట్టి తొందర లేదన్నారు. నెలలోపు చిన్న రంధ్రాలతో ఆపరేషన్ చేసి పిత్తాశయం తీసేశారు.

రాత్రిళ్లు వచ్చే ఆ నొప్పి మళ్లీ రాలేదు. సాయంత్రాలు ఆఫీసులో అదే చోట కొంచెం సలుపుతుంది. అది నొక్కితే దొరుకుతుంది, లేచి భుజాలు నాలుగుసార్లు వెనక్కి తిప్పితే తగ్గిపోతుంది.