రెండుగా కనిపించిన కంచె గుంజ

నా మోడల్ రైల్వే వెనక నిలబెట్టడానికి 3 మీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దృశ్యం కావాల్సి వచ్చింది. దూరంగా కొండలు, వాటి ముందు చెరువు, గట్టున నాలుగైదు ఇళ్ళు, బాగా దగ్గరగా ఒక కర్ర కంచె. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 ఎంఎం లెన్స్ పెట్టి, కెమెరాను నిలువుగా బిగించి, 15 డిగ్రీలకొకటి చొప్పున 10 ఫోటోలు తీశాను. నిలువుగా పెట్టినప్పుడు ఈ లెన్స్ అడ్డంగా 27 డిగ్రీలు చూస్తుంది. అంటే పక్కపక్క ఫోటోల్లో 12 డిగ్రీల మేర ఒకే దృశ్యం ఉంటుంది. అంచులు కత్తిరించాక 150 డిగ్రీలు వాడుకోవచ్చని లెక్క వేసుకున్నాను.

ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ మాన్యువల్‌లో పెట్టాను. మబ్బులు కదిలిపోకముందే పది ఫోటోలూ గబగబా తీసేశాను. ఇంక వాటిని ఒకే బొమ్మగా అతికించడమే మిగిలిందనుకున్నాను.

ఫోటోలను అతికించే Hugin సాఫ్ట్‌వేర్‌లో వేసి చూస్తే కొండలు కొంచెం మసకగా, కంచె గుంజలు కొన్ని రెండేసిగా, ఒకటి సగం మాయమైపోయి కనిపించాయి. మొదట కంట్రోల్ పాయింట్లు చాలలేదేమో అనుకున్నాను. రెండు ఫోటోల్లో ఒకే వస్తువును గుర్తుపట్టి పెట్టే జత గుర్తులవి. కంచె మీదే చేత్తో ఇంకో ముప్పై పెట్టాను. కంచె కాస్త కుదురుకుంది గానీ కొండలు ఇంకా చెదిరాయి. కొండల మీద పెంచితే కంచె చెదిరింది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతోందంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో కాదు, ఫోటోల్లోనే ఉందని అప్పుడు అర్థమైంది.

ట్రైపాడ్ స్క్రూ మీద కెమెరా తిరుగుతుంది. కానీ లెన్స్ ప్రపంచాన్ని చూసే బిందువు ఆ స్క్రూ మీద ఉండదు, దానికి ముందుంటుంది. నా అమరికలో ఆ దూరం 8 సెంటీమీటర్లు. 15 డిగ్రీలు తిప్పినప్పుడల్లా ఆ బిందువు పక్కకు 2 సెంటీమీటర్ల పైచిలుకు జరిగింది. కిలోమీటరు దూరంలో ఉన్న కొండకు అది పిక్సెల్‌లో ఐదో వంతు కూడా కాదు. 2 మీటర్ల దూరంలో ఉన్న గుంజకు మాత్రం వెనకున్న కొండతో పోలిస్తే 87 పిక్సెళ్ళ జరుగుడు. నా ప్రింటులో అది 1.2 సెంటీమీటర్లు. ఇదే పారలాక్స్. ఫోటోను ఎంత సాగదీసినా, ఎంత తిప్పినా కొండా గుంజా రెండూ ఒకేసారి కలవవు.

మళ్ళీ వెళ్ళి తీయడమే సరైన పని. కెమెరా కింద ఒక జారుడు పట్టీ పెట్టి, దగ్గర ఒక కర్రను, దూరంగా ఒక స్తంభాన్ని ఒకే వరసలోకి తెచ్చుకోవాలి. కెమెరాను ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా తిప్పినా ఆ రెండూ విడిపోని చోటు దొరికేదాకా కెమెరాను వెనక్కో ముందుకో జరుపుతూ పోవాలి. అలా తీస్తే ఈ గొడవ పుట్టదు. కానీ ఆ వెలుతురు, చెరువులో ఆ నీళ్ళు మళ్ళీ దొరకవు. ఉన్న ఫోటోలనే కాపాడుకోవాలనుకున్నాను.

కంచె మీది కంట్రోల్ పాయింట్లన్నీ తీసేశాను. కొండలు, ఇళ్ళ మీద ఉన్నవి మాత్రమే ఉంచి మళ్ళీ ఆప్టిమైజ్ చేస్తే దూరపు దృశ్యం చక్కగా కలిసింది. ఇక కంచె. జరుగుడు దాదాపు పూర్తిగా పక్కకే తప్ప పైకీ కిందికీ కాదు. అడ్డంగా పోయే కమ్మీని అడ్డంగానే 1.2 సెంటీమీటర్లు జరిపితే కంటికి తెలియదు. తెలిసేది గుంజల దగ్గరే. కాబట్టి అతుకు గుంజ మీద పడకుండా, రెండు గుంజల మధ్య ఉత్త కమ్మీ ఉన్న చోట పడేలా చూస్తే చాలు. గుంజల మధ్య ఎడం కాస్త పెరిగినా తగ్గినా ఎవరూ కొలవరు.

Masks ట్యాబ్‌లో కప్పిన భాగాన్ని వాడొద్దని చెప్పే Exclude region తీసుకుని, రెండు ఫోటోల్లోనూ ఉన్న ప్రతి గుంజనూ ఒకదాంట్లో పూర్తిగా కప్పేశాను. ఏ ఫోటోలో అది మధ్యకు దగ్గరగా ఉందో అందులో ఉంచాను. ఒక్కచోట కమ్మీ మీదుగా వాలిన తీగ అతుకును ఏటవాలుగా దాటుతూ మెట్టులా విరిగింది. దాన్ని మాత్రం తర్వాత ఫోటోలు దిద్దే GIMP‌లో విడిగా కత్తిరించి, పక్కకు జరిపి కలిపాను.

ఆకాశంలో నిలువుగా లేత చారలు వచ్చాయి. ఎక్స్‌పోజర్ మార్చలేదు కదా అని ఆశ్చర్యపోయాను. లెన్స్ అంచుల్లో వెలుగు తగ్గుతుంది, అతుకులు పడేది ఆ అంచుల్లోనే. వెలుగు తేడాలను సరిచేసే ఫోటోమెట్రిక్ ఆప్టిమైజేషన్‌లో విగ్నెటింగ్ అనే ఆ తగ్గుదల‌ను కూడా చేర్చితే పోయాయి. కలిపేటప్పుడు Hugin వాడే enblend ప్రోగ్రాం నునుపైన రంగును వెడల్పుగా, సన్నని వివరాన్ని ఇరుకుగా కలుపుతుంది. అందుకే ఆకాశాన్ని సులువుగా దాచేస్తుంది, విరిగిన గుంజను దాచలేదు.

ఫలితం నా మిత్రుడికి చూపిస్తే, "ఇళ్ళన్నీ కుడివైపుకి వాలినట్టు లేవూ?" అన్నాడు. నిజమే. దిగంతాన్ని సరిచేద్దామని నేను చెరువు అవతలి గట్టు మీద అడ్డగీత గుర్తులు పెట్టాను. గట్టు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉంటుంది. దగ్గరున్న చోట కిందికి కనిపించడం సహజం. దాన్ని బలవంతంగా సమం చేస్తే మిగతాదంతా వాలిపోయింది. ఆ గుర్తులు తీసేసి, ఇళ్ళ మూలల మీద నిలువు గీత గుర్తులు పెట్టాక అన్నీ నిటారుగా నిలబడ్డాయి. చెట్లను నమ్మలేదు, వాటికి వాలడం మామూలే.

చివరికి మిగిలింది కంచె వంపు. నేను వాడింది Cylindrical ప్రొజెక్షన్, అంటే దృశ్యాన్ని సిలిండర్ లోపలి గోడ మీద పరిచి విప్పే పద్ధతి. అందులో నిలువు గీతలు నిటారుగానే ఉంటాయి, దిగంతం సమంగానే ఉంటుంది. కానీ కంటి మట్టానికి కింద ఉన్న తిన్నని కంచె ఊయలలా వేలాడింది: ప్రింటులో మధ్యన దిగంతానికి 17 సెంటీమీటర్లు కింద, చివర్లలో నాలుగున్నర సెంటీమీటర్లే కింద. చదునైన పలక మీద పరిచే Rectilinear అయితే గీతలన్నీ తిన్నగా వస్తాయి గానీ, 150 డిగ్రీలకు రెండు చివర్లా బొమ్మ మధ్యభాగంతో పోలిస్తే అడ్డంగా దాదాపు 15 రెట్లు సాగిపోతుంది. అక్కడి ఇల్లు గోడలా అయింది. మధ్యేమార్గంగా Panini ప్రొజెక్షన్‌తో రెండు సాయంత్రాలు గడిపాను. కంచె కొంత తిన్నబడితే చివర్లోని కొండలు నలిగినట్టయ్యాయి.

అప్పుడు తట్టింది, బొమ్మను వంచడం కాదు, ప్రింటు అతికించే పలకనే వంచాలని. సిలిండర్ మీద పరిచిన బొమ్మ సిలిండర్ మీదే సరిగ్గా ఉంటుంది. 150 డిగ్రీల వంపులో 3 మీటర్ల పొడవు ఒదగాలంటే వ్యాసార్ధం 1.15 మీటర్లు. పల్చటి ప్లైవుడ్‌ను ఆ వంపుకు బిగించి ప్రింటు అతికించాను. దిగంతం నా కంటి ఎత్తుకు వచ్చేలా పలకను నిలబెట్టాను. ఆ వృత్తం మధ్యలో రైలు నడిపే చోట నిలబడితే కంచె కొస నుంచి కొస దాకా తిన్నగా ఉంది. రెండడుగులు పక్కకు జరిగితే మళ్ళీ వంగుతుంది. నేను నిలబడేది మధ్యలోనే కాబట్టి దాన్ని అలాగే ఉంచేశాను.