కట్టు విప్పాక మొదలైన మంట

బాత్రూమ్ గడప దగ్గర జారి చెయ్యి ఆనించడంతో నా ఎడమ మణికట్టు విరిగింది. ఎముక పక్కకు జరిగిందని మత్తు ఇచ్చి సరిచేసి, సిమెంట్ కట్టు వేశారు. ఆరు వారాల్లో విప్పేస్తామన్నారు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. కత్తెర పట్టేది కుడిచెయ్యే అయినా, మిషన్ సూది కిందకి బట్టను నడిపించేది ఎడమచెయ్యి. ఆ చెయ్యి లేకపోతే నాకు పని లేదు.

విరిగిన ఎముక నొప్పి రోజులు గడిచేకొద్దీ తగ్గాలి. నాకు మొదటి వారం దాటినా తగ్గలేదు. పదికి ఎంత నొప్పి అని అడిగితే ఏడు అనేదాన్ని. వేళ్ళు ఉబ్బి, కట్టు లోపల బిగుసుకుపోయినట్టు ఉండేది. ఆసుపత్రికి వెళితే కట్టును నిలువునా చీల్చి కాస్త వదులు చేశారు. వేళ్ళు నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా, కదిలిస్తే తట్టుకోలేని నొప్పి వచ్చినా రాత్రి అని చూడకుండా రమ్మన్నారు. అది రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం, దానికి గంటల్లోనే వైద్యం కావాలి. నాకు అలా కాలేదు. కానీ మణికట్టు విరిగినవాళ్ళలో మొదటి వారంలోనే నొప్పి పదికి ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే, తర్వాత రాగల ఇంకో జబ్బుకి అది ముందస్తు హెచ్చరిక అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కట్టు విప్పాక అసలు కథ మొదలైంది. ముంజేతి నుంచి వేళ్ళ దాకా కారం రాసినట్టు మంట. ఫ్యాన్ గాలి తగిలినా, దుప్పటి అంచు ఆనినా ఉలిక్కిపడేదాన్ని. చెయ్యి ఉబ్బి, చర్మం నిగనిగలాడుతూ ఎర్రగా ఉండేది. కుడిచేతికన్నా వేడిగా ఉండి, అరచెయ్యి ఊరికే చెమట పట్టేది. గోళ్ళు త్వరగా పెరగడం కూడా నేనే గమనించాను. చూపించిన చోట ఎక్స్‌రే తీసి, ఎముక బాగా అతికింది, వాడుకుంటూ ఉంటే అదే సర్దుకుంటుంది అని పంపేశారు. మా వదిన నూనె రాసి గట్టిగా మర్దన చేయిద్దామంది. నాకు చెయ్యి ముట్టనివ్వాలంటేనే భయం.

మేము వెళ్ళిన రెండో ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రేని పక్కన పెట్టి, ముందు రెండు చేతులూ బల్ల మీద పక్కపక్కన పెట్టమన్నారు. తన చేతి వెనకభాగంతో రెండింటి వేడీ చూశారు. దూదితో తాకారు, గుండుసూదితో మెల్లగా గుచ్చారు, పిడికిలి బిగించమన్నారు. జ్వరం వచ్చిందా, చీము కారిందా అని అడిగి, ఇన్ఫెక్షన్ కాదని, నరం నొక్కుకుపోవడం కాదని తేల్చుకోవడానికి పరీక్షలు చేయించారు. తర్వాత చెప్పారు: "ఇది కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్ అమ్మా. సీఆర్‌పీఎస్ అంటాం. దీన్ని ఖాయం చేసే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేదు. చూసి, తాకి, అడిగి తెలుసుకోవాల్సిందే."

ఆయన నాలుగు రకాల మార్పులు వెతికారు. ఊరికే తాకినా నొప్పి పుట్టడం ఒకటి. రంగులోనూ వేడిలోనూ తేడా రెండోది. వాపు, చెమట మూడోది. బిగుసుకుపోవడం, గోళ్ళలో వెంట్రుకల్లో మార్పు నాలుగోది. గాయానికి మించిన నొప్పి ఆగకుండా ఉండాలి. వీటిలో మూడు రకాలు రోగి చెప్పాలి, రెండు రకాలు పరీక్ష చేసిన రోజున డాక్టరుకి కనిపించాలి, వేరే ఏ కారణమూ ఉండకూడదు. బుడాపెస్ట్ కొలమానం అంటారట. నాకు నాలుగూ ఉన్నాయి. ఇదంతా మనసు కల్పన కాదని, గాయం తర్వాత నరాలు, రక్తనాళాలు, మెదడు కలిసి ప్రమాద సంకేతాన్ని ఆపలేకపోతున్నాయని ఆయన చెప్పాక నా టెన్షన్ సగం దిగింది. ఇంకా తొలిదశే కాబట్టి షుగరు చూసి, తగ్గించుకుంటూ వచ్చే స్టెరాయిడ్ మాత్రలు కొద్దికాలం ఇచ్చారు. రాత్రికి నరాల నొప్పి మాత్ర రాశారు. మందు చెయ్యి కదిలించుకోవడానికి వీలు కల్పిస్తుందే గానీ, చెయ్యిని తిరిగి తెచ్చేది కదలికేనని గట్టిగా చెప్పారు.

ఫిజియోథెరపీ మేడమ్ మొదట నా చేతిని ముట్టుకోనేలేదు. రకరకాల భంగిమల్లో ఉన్న చేతుల ఫొటోలు చూపించి, అది కుడో ఎడమో చెప్పమన్నారు. ఎడమచేతి ఫొటో వస్తే నాకు ఎక్కువసేపు పట్టేది, తప్పులూ ఎక్కువే. మెదడులో ఆ చేతికి ఉన్న పటం చెదిరిందని, ముందు దాన్ని సరిచేయాలని ఆమె వివరించారు. రెండు వారాలపాటు ఇదే పని. మా అమ్మాయి ఇంట్లో అందరి చేతులూ ఫోన్లో తీసి నాకు పెట్టేది. ఆ తర్వాత చెయ్యి కదుపుతున్నట్టు కళ్ళు మూసుకుని ఊహించుకోవడం. ఆ తర్వాతే అద్దం. బల్ల మీద అద్దాన్ని నిలువుగా పెట్టి, ఎడమచెయ్యి దాని వెనక దాచి, కుడిచేతి ప్రతిబింబాన్ని చూస్తూ వేళ్ళు తెరిచి మూయాలి. ఎడమచెయ్యే హాయిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. ముందే అద్దం పెడితే కొందరికి చూడగానే నొప్పి పెరుగుతుందట, అందుకే ఆ వరస.

స్పర్శకి అలవాటు చేయడానికి నా కుట్టుపని పనికొచ్చింది. సంచిలో మిగిలిన ముక్కలు ఏరి, ముందు లైనింగ్ సాటిన్, తర్వాత మల్లు, తర్వాత మామూలు నూలు, ఆ తర్వాత టవల్, చివరికి జరీ అంచు. నొప్పి లేని ముంజేతి పైభాగం నుంచి మొదలుపెట్టి మెల్లగా కిందికి రాయాలి. సాటిన్ ముక్క మణికట్టు దాటినప్పుడు చర్మం చురచురలాడింది. చేతి వైపు చూస్తూ, ఇది సాటిన్, మెత్తగా ఉంది అని పైకి అనుకుంటూ రాసేదాన్ని. ఒక బట్టకి చెయ్యి అలవాటు పడ్డాకే తర్వాతి బట్ట.

బరువు పనులు ఆ పైన వచ్చాయి. బట్టలుతికే బ్రష్షు పట్టుకుని చెక్క మీద ఒత్తి రుద్దడం, చిన్న సంచిలో కొన్ని బియ్యం వేసుకుని వేలాడేసి నడవడం. మొదట్లో ఒకటి రెండు నిమిషాలే, రోజుకి మూడుసార్లు. ఆమె చెప్పిన లెక్క ఇది. చేస్తున్నప్పుడు నొప్పి కొంచెం పెరగవచ్చు, గంటలోపు మునుపటి స్థాయికి రావాలి. మర్నాడు పొద్దున వాపు ఎక్కువగా కనిపిస్తే ఆ రోజు సగానికి తగ్గించాలి, మానేయకూడదు. బలవంతంగా విరవడం, ఐస్ పెట్టడం వద్దన్నారు. ఈ జబ్బులో కదలకుండా మెడకి వేలాడేసుకోవడం ఎంత చేటో, పళ్ళు బిగించి లాగడం అంతే చేటు.

అక్కడే చీలమండ విరిగిన ఒక బస్సు కండక్టర్ గారు కనిపించేవారు. ఆయనకీ ఇదే, పాదంలో. మేజోడు వేసుకోలేకపోయేవారు. రెండు బరువు చూసే మెషిన్ల మీద చెరో కాలూ పెట్టించి నిలబెట్టేవారు. బాగాలేని కాలి మెషిన్ మీద మొదట్లో ముల్లు కదిలిందంటే కదిలినట్టు ఉండేది. వారాలు గడిచేకొద్దీ ఆ అంకె పెంచడమే ఆయన పని.

నాకు మంట తగ్గి, రెండు చేతుల వేడీ ఒకటే అయ్యేసరికి నెలలు పట్టింది. చిటికెన వేలు ఇప్పటికీ అరచేతికి పూర్తిగా ఆనదు. చలికాలం పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటాయి. గోరువెచ్చని నీళ్ళలో కాసేపు కదిలించి మిషన్ ముందు కూర్చుంటాను. మామూలు బ్లౌజులు కుడుతున్నాను. మగ్గం వర్క్ ఉన్నవి మాత్రం ఒప్పుకోవడం లేదు, ఆ బరువుని సూది కింద నడిపించే బలం ఎడమచేతికి ఇంకా రాలేదు.