61 అనుకున్న మైలేజీ 49కి ఎలా దిగింది

కొత్త బండి కొన్న దగ్గర్నుంచి మా బావది ఒకటే గోల: "నాది 60 ఇస్తోందిరా, నీది ఎంత?" నాది ఎంతో నాకే తెలీదు. అమలాపురం నుంచి రావులపాలెం రోజూ తిరిగే బండి కదా, తేల్చేద్దామని ఒకరోజు బంకులో ట్యాంకు నిండా కొట్టించి మీటరు ఫొటో తీసుకున్నాను: 18,412. ఆ రోజు ఎన్ని లీటర్లు పట్టిందన్నది లెక్కలోకి రాదు. ఆ పెట్రోలుతో ఇంకా తిరగలేదుగా.

మళ్లీ నింపించిన రోజు మీటరు 18,731. అంటే 319 కిలోమీటర్లు. ఇంటికొచ్చి బంకు మిషన్ ఫొటో చూస్తే 5.21 లీటర్లు. భాగిస్తే 61! బావకి ఫోన్ చేయబోయి, అదే ఫొటోలో పై వరుస చూసి ఆగాను. సొమ్ము 680.62, రేటు 109.60. భాగిస్తే 6.21 రావాలి. ఫొటో పెద్దది చేసి చూస్తే తెలిసింది: ఎర్ర గీతల అంకెలు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి, కెమెరా సరిగ్గా ఆరిన క్షణంలో పట్టింది. 6లో ఎడమవైపు కింది గీత మాయమైతే మిగిలేది 5. అసలు మైలేజీ 51.4.

ఆ 51.4 కూడా నిక్కచ్చి కాదు. మొదటిసారి సెంటర్ స్టాండ్ వేసి నింపించాను. రెండోసారి వెనక క్యూ ఉందని సైడ్ స్టాండ్ మీదే కానిచ్చేశాను. బండి ఒరిగితే ట్యాంకులో పెట్రోలు మట్టం మారుతుంది, "నిండింది" అన్న గుర్తే మారిపోతుంది. అటూ ఇటూ 200 మిల్లీలీటర్ల తేడా వేసుకున్నా మైలేజీ 50 నుంచి 53 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

అందుకే ప్రతిసారీ సెంటర్ స్టాండ్ వేసి, గన్ను దానంతటది ఆగగానే చాలని చెప్పి, ఇంకో రెండుసార్లు నింపించాను. మొత్తం 982 కిలోమీటర్లు, 19.34 లీటర్లు: 50.8. మధ్యలో నింపిన తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మొదటిదీ చివరిదీ మాత్రమే మిగులుతాయి. అదే 200 మిల్లీలీటర్లు ఇప్పుడు అటూ ఇటూ అర కిలోమీటరు తేడా మాత్రమే తెస్తాయి.

ఎన్నిసార్లు నింపినా పోనిది మీటరు తప్పు. 216 జాతీయ రహదారి మీద 20 కిలోమీటర్లు రాళ్లు లెక్కపెట్టుకుంటూ వెళ్తే నా మీటరు 20.6 చూపించింది. మూడు శాతం ఎక్కువ తిప్పుతోందన్నమాట. ఆ లెక్కన 982 నిజానికి 953, మైలేజీ 49.3.

బావకి 49 అని చెప్పి, నీ ఫొటోలు పంపమన్నాను. ఫొటోలేంట్రా అన్నాడు. ఎప్పుడూ 500కే కొట్టిస్తాడట, ట్యాంకు ఒక్కసారీ నింపలేదట.