రెఫరీ హోమ్ టీమ్ వైపు మొగ్గుతాడా? లెక్క తీసి చూశాను

మా నల్లగొండ గ్రౌండ్లలో ఓడిన జట్టు అనే మొదటి మాట, "రెఫరీ వాళ్ళ మనిషే" అని. నిజమో కాదో తేల్చుకుందామంటే ఇక్కడి టోర్నమెంట్లలో ఎవరికి ఎన్ని కార్డులు చూపించారో రాసిపెట్టిన పుస్తకమే నాకు దొరకలేదు. అందుకని రికార్డు పక్కాగా ఉన్న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్‌ను పట్టుకున్నాను. football-data.co.uk లో సీజన్‌కొక ఫైలు ఉంటుంది. అందులో HY అంటే సొంత గ్రౌండ్‌లో ఆడే హోమ్ జట్టు ఎల్లో కార్డులు, AY అంటే బయటి నుంచి వచ్చిన అవే జట్టువి. HF, AF అంటే ఫౌల్స్. రెఫరీ పేరు, పందెం గెలిస్తే రూపాయికి ఎన్ని రూపాయలు వస్తాయో చెప్పే బెట్టింగ్ ఆడ్స్ కూడా ఉంటాయి.

ముందుగా ప్రతి మ్యాచ్‌ను రెండు వరుసలుగా విడగొట్టాను, జట్టుకొక వరుస చొప్పున. ఊరికే సగటు తీస్తేనే బయటి నుంచి వచ్చిన జట్టుకు కార్డులు ఎక్కువని కనిపించింది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పే మా బావ అది చూసి నవ్వాడు. "సొంత గ్రౌండ్‌లో ఆడేవాళ్ళ దగ్గరే బాల్ ఎక్కువసేపు ఉంటది. వచ్చినోళ్ళు దాన్ని గుంజుకోవడానికి కాళ్ళు అడ్డం పెడతరు. దాంట్ల రెఫరీ చేసిందేముంది?" అన్నాడు.

మాట నిజమే. అందుకే కార్డుల తేడాలోంచి బలం వాటా తీసేయడానికి జట్ల బలాన్ని కంట్రోల్ వేరియబుల్‌గా పెట్టాను. బలాన్ని కొలవడానికి ఆడ్స్ బాగా పనికొస్తాయి, ఎందుకంటే అవి ఆట మొదలుకాకముందే తేలిపోతాయి. ఉదాహరణకు హోమ్ గెలుపుకు 2.00, డ్రాకు 3.50, అవే గెలుపుకు 4.00 ఉన్నాయనుకోండి. 1ని వాటితో భాగిస్తే 0.500, 0.286, 0.250 వస్తాయి. మొత్తం 1.036, అందులో 1కి పైన మిగిలింది బుకీ లాభం. మొత్తంతో మళ్ళీ భాగిస్తే హోమ్ గెలుపు అవకాశం 48 శాతం, అవేకు 24 శాతం. కింది కోడ్‌లో winprob అంటే ఈ అవకాశమే.

```
glm(yellow ~ home + winprob + I(winprob^2) + Referee,
    family = poisson, data = d)
```

కార్డులు 0, 1, 2 అని లెక్కపెట్టేవి కాబట్టి పాయిజాన్ మోడల్ తీసుకున్నాను. రెఫరీ పేరు ఎందుకంటే కొందరు ఎవరికైనా సరే కార్డు తొందరగా తీస్తారు. ఒకే మ్యాచ్‌లోని రెండు వరుసలకు సంబంధం ఉంటుంది; ఆట వేడెక్కితే ఇద్దరికీ కార్డులు పెరుగుతాయి. అందుకే అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్లను మ్యాచ్ వారీగా క్లస్టర్ చేశాను. బలం లెక్కలోకి రాగానే తేడా తగ్గింది కానీ పోలేదు.

అసలు చిక్కు ఫౌల్స్ దగ్గర వచ్చింది. "ఫౌల్స్ కూడా కంట్రోల్ చెయ్యి, ఒక్కో ఫౌల్‌కు ఎన్ని కార్డులో చూద్దాం" అన్నాడు బావ. వినడానికి బాగానే ఉంది. కానీ ఫౌల్ ఊదేదీ ఆ రెఫరీయే కదా. జనం అరుపులకు లొంగి అవే జట్టు మీద ఉత్తుత్తి ఫౌల్స్ ఊదాడనుకోండి. 10 నిజం ఫౌల్స్‌కు 2 కార్డులు ఇచ్చేవాడు, 15 ఊది 3 ఇస్తాడు. ఫౌల్‌కు కార్డులు రెండు చోట్లా 0.2 మాత్రమే, పక్షపాతం కనబడకుండా పోయింది. ఫైనల్ స్కోరు పెట్టినా ఇదే గొడవ, ఎందుకంటే కార్డులు, పెనాల్టీలు కూడా స్కోరును మారుస్తాయి. కాబట్టి ఫౌల్స్ ఉన్న మోడల్‌ను పక్కన చూపించానే తప్ప, దాన్నే అసలు జవాబు అనలేదు.

ఇన్ని చేసినా అవే జట్టు భయంతో మొరటుగా ఆడిందా, రెఫరీ జనానికి లొంగాడా అన్నది విడిపోదు. ఆ రెండోదాన్ని పరీక్షించే అవకాశం కరోనా ఇచ్చింది. 2020 జూన్ 17న లీగ్ మళ్ళీ మొదలైనప్పుడు మిగిలిన 92 మ్యాచ్‌లు ఖాళీ స్టేడియాల్లోనే జరిగాయి. అంతకుముందు అదే సీజన్‌లో జనం మధ్య జరిగినవి 288. వీడియో చూసి రెఫరీ తీర్పును సరిచేసే వీఏఆర్ సీజన్ మొదటి నుంచీ ఉంది కాబట్టి అది అడ్డం రాదు. జనం ఉంటే, లేకుంటే హోమ్ జట్టు మేలు ఎంత మారిందో చూడటానికి మోడల్‌లో home × crowd అనే పదం చేర్చాను. కానీ 92 మ్యాచ్‌లకు అంచనా పరిధి మరీ వెడల్పుగా వచ్చి, ఏదీ గట్టిగా చెప్పనివ్వలేదు. పైగా అప్పుడే ఐదుగురు సబ్‌స్టిట్యూట్లను అనుమతించారు. అలసట తగ్గితే ఫౌల్స్ కూడా మారవచ్చు. చాలా దేశాల లీగ్‌లను కలిపి చేసిన అధ్యయనాల్లో మాత్రం, జనం లేనప్పుడు కార్డుల్లో హోమ్ జట్టుకున్న మేలు తగ్గినట్టే వచ్చింది. నేను నమ్మేది ఆ లెక్కనే.

పెనాల్టీల దగ్గర బావకూ నాకూ పెద్ద వాదనే అయింది. ఆ ఫైలులో పెనాల్టీల కాలమ్ లేదు, మ్యాచ్ రిపోర్టుల నుంచి ఎక్కించుకోవాలి. సీజన్‌కు ఓ 100 అనుకుందాం. రెఫరీ నాణెం ఎగరేసి ఇచ్చినా హోమ్ జట్టుకు 40 నుంచి 60 దాకా ఎన్నైనా రావచ్చు. అంటే 55–45 చూసి "పట్టేశాం" అనడానికి లేదు. నాలుగు సీజన్లు కలిపి 400 చేస్తే ఆ పరిధి 45–55 శాతానికి దిగుతుంది, అప్పటికీ 55 అంచు మీదే ఉంటుంది. పైగా హోమ్ జట్టు పెనాల్టీ బాక్స్‌లోకి ఎక్కువసార్లు వెళ్తుంది కాబట్టి సగం–సగం అన్నది సరైన పోలిక కూడా కాదు. బాక్స్‌లో ఎన్నిసార్లు బాల్ తాకారన్న లెక్క కావాలి, అది ఈ ఫైల్లో దొరకదు. రెడ్ కార్డులు ఇంకా తక్కువ కాబట్టి వాటి జోలికి పోలేదు.