మంగళగిరి చీరల కొలతలు విదేశీ కొనుగోలుదారులకు అర్థమయ్యేలా రాయడం: నా అనుభవం

మా పెద్దమ్మ కొడుకు మంగళగిరిలో చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్, కుట్టిన జాకెట్లు అమ్ముతాడు. ఆన్‌లైన్‌లో పెట్టాక అమెరికా, బ్రిటన్, జర్మనీ నుంచి కూడా ఆర్డర్లు రావడం మొదలైంది. సరుకు వివరాలు ఇంగ్లీషులోకి మార్చింది బయటి మనిషి, పేజీకి ఇంత అని మాట్లాడుకుని. భాష తప్పు పట్టేలా ఏమీ లేదు, అయినా పార్సిళ్లు వెనక్కి వస్తున్నాయి. "చీర బాగుందనే అంటున్నారు, మళ్లీ వెనక్కి పంపుతున్నారు, ఎక్కడ తేడా వస్తోందో నువ్వొకసారి చూడు చెల్లీ" అని అన్నయ్య ఆ లిస్టింగులన్నీ నాకు పంపాడు. అవి సరిచేసేటప్పుడు తెలుసుకున్నవి రాస్తున్నాను, చేనేత సరుకు బయటి దేశాలకు అమ్మేవాళ్లకు పనికొస్తాయి.

ఇంగ్లీషు వాక్యాల జోలికి ముందు వెళ్లలేదు. టేపు పట్టుకుని కొట్టుకెళ్లి, లిస్టింగులో ఉన్న చీరనే కింద పరిచి కొలిచాను. పాత లిస్టింగులో "బ్లౌజ్‌తో కలిపి 6 గజాల చీర" అనే అర్థం వచ్చేలా ఒక్క ముక్క ఉంది. మనకు అందులో సందేహమేమీ రాదు, చీర చీరే, జాకెట్ గుడ్డ దానికి అదనం. మొదటిసారి చీర కొనే ఆవిడ మాత్రం దాన్ని మొత్తం 6 గజాలు, అందులోనే జాకెట్ గుడ్డ కూడా అని చదువుకుంటుంది. గజం అంటే 91.44 సెంటీమీటర్లు, కాబట్టి 6 గజాలు దాదాపు 549 సెంటీమీటర్లు. అందులోంచి జాకెట్‌కు 80 తీసేస్తే చీరకు మిగిలేది 469. ఆ పొడవుతో కుచ్చిళ్లు సరిగ్గా రావు, కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లయితే పైట కూడా చాలదు. అందుకే కొందరు కొనకుండానే వెళ్లిపోయారు. ఇంకో ఆవిడ చీరే 6 గజాల కన్నా బాగా ఎక్కువ ఉంటుందనుకుని కొని, జాకెట్ ముక్క కత్తిరించాక కొలుచుకుని, తగ్గిందని ఫొటోలు పెట్టింది.

కొలిస్తే తేలింది ఇది: చీర 550 సెంటీమీటర్లు, దాని కొసన అదే గుడ్డలో జాకెట్ ముక్క 80, మొత్తం 630. ఇప్పుడు మూడూ మూడు వేర్వేరు వరుసల్లో రాస్తున్నాం, జాకెట్ ముక్క కత్తిరించకుండా చీరతోనే వస్తుందని, ఎక్కడ కత్తిరించాలో తెలిసే గీత ఫొటోలో ఉందని కూడా చెబుతున్నాం. పన్నా 117 సెంటీమీటర్లు అని ఊరికే రాస్తే అది ఏ వైపుదో వాళ్లకు అర్థం కాదు. అందుకని "కట్టుకున్నప్పుడు నడుము నుంచి నేల దాకా వచ్చే వైపు" అని పక్కనే చేర్చాను. పొడుగ్గా ఉండే అమ్మాయిలు ముందు చూసేది అదే, చాలకపోతే కొనకముందే తెలిసిపోతుంది.

సెంటీమీటర్లనే ఎంచుకోవడానికి కారణం ఉంది. మనం 5.50 మీటర్లు అని చుక్క పెడతాం, జర్మనీలో అదే చోట కామా పెడతారు, చుక్కను వేలల్లో అంకెలు విడదీయడానికి వాడతారు. 550 సెంటీమీటర్లు అని రాస్తే చుక్కా లేదు, కామా లేదు, ఏ దేశంవాళ్లు చదివినా ఒకటే. అమెరికా వాళ్ల కోసం అంగుళాలు పక్కన ఇస్తాను, 550కి 216. లెక్కలో 216న్నర వస్తుంది గానీ పొడవును ఎప్పుడూ కిందికే దించుతాను, పైకి జరపను. గుడ్డ అర అంగుళం ఎక్కువొస్తే ఎవరూ బాధపడరు, తగ్గితే ఊరుకోరు.

మీటర్ల లెక్కన అమ్మే డ్రెస్ మెటీరియల్‌లో ఇబ్బంది ఇంకో రకం. మన కొట్లో కోసేది మీటర్లలో, అమెరికా పేజీలో ధర పెట్టింది గజానికి. 3 మీటర్లంటే 300 సెంటీమీటర్లు, 3 గజాలంటే 274. మీటర్లలో వచ్చిన ఆర్డర్‌ను ప్యాకింగ్ చేసే అబ్బాయి గజం కర్రతో కోసేస్తే 26 సెంటీమీటర్ల దాకా తగ్గిపోతుంది, చేతులు కుట్టుకునే గుడ్డ అది. ఇప్పుడు ఆర్డర్ స్లిప్పు మీదే సెంటీమీటర్లు పడేలా చేశాం, కోసే అబ్బాయి పేజీ చూడాల్సిన పనే లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెచ్చింది మాత్రం కౌంట్. మంగళగిరిలో 80 కౌంట్, 100 కౌంట్ అంటాం కదా, అది నూలు సన్నదనానికి లెక్క. ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, ఎన్ని వస్తాయో ఆ అంకె. నూలు ఎంత సన్నమైతే అంకె అంత పెద్దది. పాత లిస్టింగులో దీన్ని "థ్రెడ్ కౌంట్ 100" అని పెట్టారు. అమెరికాలో థ్రెడ్ కౌంట్ అంటే పూర్తిగా వేరే సంగతి, ఒక చదరపు అంగుళంలో పడుగు పోగులు, పేక పోగులు కలిపి ఎన్ని ఉన్నాయన్న లెక్క. దుప్పట్లు కొనేటప్పుడు అందరూ చూసే అంకె అది, అక్కడ 200, 300, 400 మామూలు. 100 అని చూస్తే ముతక గుడ్డ అనుకుంటారు. ఖరీదు ఎక్కువ పెట్టిన సన్న నూలు చీర చవక సరుకులా కనబడుతుంటే ఎవరు కొంటారు?

ఇది మాటల్లో చెబితే అన్నయ్యకు నమ్మకం కుదరలేదు. మగ్గం దగ్గర లెక్క చూసుకునే భూతద్దం, ఒక అంగుళం చదరపు కిటికీ ఉండేది, అది తెచ్చి చీర మీద పెట్టి సూదిమొనతో ఒక్కో పోగు జరుపుతూ లెక్కపెట్టాం. కళ్లు లాగేస్తాయి ఆ పనితో. మాకు దొరికిన 100 కౌంట్ చీరలో పడుగు 84, పేక 76 వచ్చాయి, రెండూ కలిపితే 160. అంటే ఆ చీర థ్రెడ్ కౌంట్ 160, నూలు కౌంట్ 100. ఈ రెండు అంకెలూ ఒకదాన్నుంచి ఒకటి గుణించి తీసేవి కావు, మగ్గం పన్నెలో పళ్లు ఎంత దగ్గరగా ఉన్నాయి, పేక ఎంత గట్టిగా కొట్టారు అన్నదాన్ని బట్టి మారిపోతాయి. అందుకని థ్రెడ్ కౌంట్ అన్న మాటే తీసేశాం. "100 నంబర్ నూలు, చాలా సన్నది, ఇది పోగు సన్నదనం, అంగుళానికి పోగుల లెక్క కాదు" అని రాసి, గుడ్డ వెనక చెయ్యి పెట్టి తీసిన ఫొటో జతచేశాం. వేళ్లు కనబడుతుంటే సన్నదనం ఎవరికైనా తెలుస్తుంది.

కుట్టిన జాకెట్ల దగ్గరికొస్తే, "సైజు 36" అన్న రెండంకెలే చాలా రిటర్నులకు మూలం. మనకు 36 అంటే చాతీ చుట్టుకొలత 36 అంగుళాలు, అంటే 91 సెంటీమీటర్లు. జర్మనీలో 36 అనేది బట్టల సైజు నంబరు, అది వేసుకునే ఆవిడ చాతీ సుమారు 84. అక్కడ ఎప్పుడూ 36 వేసుకునే ఆవిడ మన 36 కొంటే ఏడు సెంటీమీటర్లు లూజు. నిజానికి మన 36 వాళ్ల 40కి దగ్గర. అమెరికాలో ఇంకో చిక్కు, 36 అని కనబడగానే కొందరు లోదుస్తుల సైజు అనుకుంటారు, అది చాతీ కింద పట్టీ కొలత. బ్రిటన్ 12 అంటే అమెరికాలో దాదాపు 8, కాబట్టి అక్కడా అంకెను అలాగే దించితే కుదరదు.

దేశాలవారీ సైజుల పట్టిక పెడదామని అన్నయ్య అన్నాడు, నేను వద్దన్నాను. ఒక్క దేశంలోనే కంపెనీకో లెక్క ఉంటుంది, మనం పెట్టిన పట్టిక సగంమందికి తప్పవుతుంది. దాని బదులు రెండు కొలతలు విడివిడిగా ఇస్తున్నాం. ఒకటి మనిషిది: "చాతీ 91 సెంటీమీటర్లు ఉన్నవారికి". రెండోది జాకెట్‌ది: హుక్కులు పెట్టి బల్ల మీద పరిచినప్పుడు చంక నుంచి చంకకు 46. ఆ 46ను రెట్టింపు చేస్తే చుట్టుకొలత 92 అని కూడా రాస్తాం, ఎందుకంటే పరిచి కొలిచిందా, చుట్టూ కొలిచిందా అన్నది చెప్పకపోతే మళ్లీ గందరగోళం. మన జాకెట్ ఒంటికి బిగుతుగా ఉండాలి, షర్టులా వదులుగా ఉండదు అన్న సంగతి కూడా చెప్పాలి, లేకపోతే బిగుతుగా ఉందని తిప్పి పంపేస్తారు. "మార్జిన్ 2 అంగుళాలు" అన్న ముక్క వాళ్లకు లాభం లెక్కలా వినిపిస్తుంది. "లోపల మడిచి కుట్టిన గుడ్డ ఉంది, పక్క కుట్లు విప్పితే మొత్తం మీద 5 సెంటీమీటర్ల దాకా వదులు చేసుకోవచ్చు" అని విడమరిచాం. కుట్టే మాస్టారుగారి దగ్గర కూర్చుని ఆ 5 మొత్తానికా, ఒక్కో పక్కకా అని అడిగి తేల్చుకున్నాకే రాశాను.

మాటల విషయానికొస్తే మూడింటి దగ్గర ఎక్కువసేపు ఆగాను. పెళ్లిళ్లలో బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలను "ఇన్వెస్ట్‌మెంట్" చీరలని రాశారు, కొన్నావిడ దీని విలువ ఏటా పెరుగుతుందా అని మెసేజ్ పెట్టింది! పెళ్లిలో చుట్టాలకు కానుకగా ఇచ్చే చీర అని మార్చాం. "ఫాల్, పికో అయింది" అంటే అమెరికా వాళ్లకు ఫాల్ అనేది ఆకులు రాలే కాలం. అంచు లోపలివైపు బరువు కోసం గుడ్డపట్టీ కుట్టామని, పైట కొస దారాలు ఊడకుండా మెషిన్‌తో కుట్టామని రాస్తే తప్ప అర్థం కాలేదు. నెమలి కంఠం రంగును మాత్రం మాటకు మాట దించి వదిలేయలేదు: నీలం పడుగు, ఆకుపచ్చ పేక, వెలుగు మారితే రంగు మారుతుంది అని నేత సంగతే చెప్పి, ఎండలో ఒకటి, ఇంట్లో ఒకటి ఫొటోలు పెట్టాం. రంగు నప్పలేదని వచ్చే రిటర్నులు పూర్తిగా ఆగలేదు, ఫోన్ తెర మీద కనబడే రంగు మన చేతిలో లేదు కదా.

ఇప్పుడు కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పద్ధతి ఇది. కొట్లో కొలిచినవాళ్లు తెలుగులో, సెంటీమీటర్లలో ఒక కాగితం మీద రాస్తారు, అంగుళాలు దాన్నుంచే తీస్తాను, అంగుళాల నుంచి మళ్లీ గజాలు తీయను. ఇంగ్లీషు అయ్యాక నేను చూడను, మా వదిన చూస్తుంది. ఆవిడ అసలు కాగితం పక్కన పడేసి, ఇంగ్లీషు పేజీ చదివి తనకు అర్థమైనది తెలుగులో కొత్త కాగితం మీద రాస్తుంది, తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెడతాం. మొన్న జాకెట్ల పేజీలో చేతుల పొడవు భుజం కుట్టు నుంచా, మెడ నుంచా అన్నది ఆవిడ రాసిన కాగితంలో లేదు, అంటే పేజీలోనూ లేనట్టే. మాస్టారుగారికి ఫోన్ చేసి, భుజం కుట్టు నుంచే అని చెప్పించుకుని ఆ మాట చేర్చాక పేజీ పెట్టాం. జర్మన్ పేజీలు అక్కడే ఉంటున్న మా ఊరావిడ ఇదే పద్ధతిలో చూసి పెడుతున్నారు, ఈ వారం దుపట్టాల పేజీ ఆవిడ దగ్గర ఉంది.