మిద్దె తోట నీటి లైను: ఊడిన ఎల్బో, మళ్లీ వేసిన 14 జాయింట్లు

శనివారం సాయంత్రం

కుండీలకు వేస్తున్న నీటి లైను ఈరోజుతో అయిపోతుందనుకున్నాను. అంగుళం యూపీవీసీ పైపు, ట్యాంకు పక్కన చిన్న ప్రెషర్ పంపు, పిట్టగోడ వెంట మూడు వైపులా తిరిగే లైను, మొత్తం 14 జాయింట్లు. మూడు గంటలకు చివరి ఎల్బో అతికించి, మూడున్నరకు పంపు వేశాను. పది నిమిషాలు ఏ గొడవా లేదు. చివరి వాల్వు మూసేసరికి గేజ్ ముల్లు 2 కేజీల దగ్గరకు వచ్చింది. అప్పుడే ఈశాన్యం మూలనున్న ఎల్బో టప్పున ఊడి వంకాయ కుండీలో పడింది. పంపు ఆపేలోపు మిద్దంతా నీళ్లే.

ఆ ఎల్బోని తుడిచి వెలుగులో చూశాను. పైపు దూరే సాకెట్ లోతు స్కేలుతో కొలిస్తే 28 మిల్లీమీటర్లు. పైపులు అతికించే సొల్యూషన్ చార మాత్రం మూతి దగ్గర 13 మిల్లీమీటర్ల దాకానే ఉంది. అక్కడి నుంచి అడుగుదాకా గోడ కొత్త ఫిట్టింగులా నిగనిగలాడుతోంది. ఆ చార మీద గోరు నొక్కితే ముద్ర పడింది. అతికించి గంట కూడా కాలేదు, లోపలింకా మెత్తగానే ఉంది.

2 కేజీలంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా 2 కిలోల తోపుడు. ఈ పైపు బయటి వ్యాసం 33.4 మిల్లీమీటర్లు, అంటే అడ్డుకోత సుమారు 8.8 చదరపు సెంటీమీటర్లు. లైను మలుపు తిరిగే ప్రతి చోటా నీరు ఎల్బోని దాదాపు 17న్నర కిలోల బలంతో బయటికి తోస్తూనే ఉంటుంది. వాల్వు ఒక్కసారిగా మూస్తే ఆ క్షణంలో ఇంకా ఎక్కువ. పచ్చిగా ఉన్న సగం జాయింటు అంత తోపుడుకి నిలబడదు.

శనివారం రాత్రి

మా వీధిలో ముప్పై ఏళ్లుగా ప్లంబింగ్ చేస్తున్న బాబాయికి ఎల్బో చూపించాను. చూడగానే, "పైపు మీద గుర్తు పెట్టుకున్నావా అబ్బాయ్?" అని అడిగారు. లేదన్నాను. "అయితే మిగతా 13 ఎంత లోపలికి వెళ్లాయో నీకెలా తెలుస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అన్నీ కోసి మళ్లీ వేయాలని అక్కడే నిర్ణయించుకున్నాను. ఒకసారి అతికించిన ఫిట్టింగు మళ్లీ పనికిరాదు కాబట్టి ఎల్బోలు, టీలు కొత్తవే కొనాలి.

లోతు ఎందుకంత ముఖ్యమో ఆయన ఒక కొత్త ఎల్బోతో చూపించారు. సొల్యూషన్ లేకుండా పైపు తోస్తే సాకెట్‌లో సగం దాకా వెళ్లి బిగుసుకుంది. సాకెట్ లోపల నిటారుగా ఉండదు, అడుగుకు వెళ్లేకొద్దీ సన్నబడుతుంది. మూతి దగ్గర పైపుకీ గోడకీ మధ్య కాస్త సందు ఉంటుంది, అడుగున ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. సొల్యూషన్ జిగురు కాదు. అందులోని ద్రావకాలు రెండు గోడల పైపొరనూ మెత్తబరుస్తాయి. మెత్తబడ్డ పైపును అడుగుదాకా తోస్తే ఆ బిగుతు భాగంలో రెండు ప్లాస్టిక్‌లూ కలిసిపోయి ఒకటవుతాయి. మూతి దగ్గర సందును సొల్యూషన్ నింపుతుంది, అంతే. కాబట్టి పైపు సగమే వెళితే పోయేది సగం బలం కాదు. అసలైన అతుకు జరిగే భాగమే పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆ వాలు వల్ల పచ్చి జాయింటు పైపును వెనక్కి నెడుతుందట. నేను ఒక్కో జాయింటు తోసి వెంటనే వదిలేసి పక్కదానికి వెళ్లాను. అడుగుదాకా వెళ్లినవి కూడా వెనక్కి జారి ఉండొచ్చు.

ఆదివారం

సొల్యూషన్‌కి ముందు పూసే ప్రైమర్ కోసం రెండు దుకాణాలు తిరిగాను. ఒకచోట గోడ రంగుల ప్రైమర్ తీసి చూపించారు. కావాల్సింది పీవీసీ పైపుల ప్రైమర్, నీళ్లలా పల్చగా ఉంటుంది. కొన్ని సొల్యూషన్ డబ్బాల మీద ప్రైమర్ అక్కర్లేదని రాసి ఉంటుంది, అక్కడ తయారీదారు మాటే లెక్క. నా డబ్బా మీద వాడమనే ఉంది, మొన్న చదవలేదు.

ప్రైమర్ చేసే పని ఏమిటో ఒక తుక్కు ముక్క మీద చూశాను. పైపు పైపొర గట్టిగా, నునుపుగా ఉంటుంది. దానికి జిడ్డూ దుమ్మూ తోడవుతాయి. చిక్కటి సొల్యూషన్ ఆ పొరను దాటి లోపలికి దిగేలోపే ఆరడం మొదలుపెడుతుంది. ప్రైమర్ పల్చన కాబట్టి త్వరగా ఇంకి పొరను మెత్తబరుస్తుంది. పూసి కొన్ని సెకన్లయ్యాక కత్తి అంచుతో గీస్తే మెత్తటి పల్చని పొర చుట్టలా లేచివచ్చింది. ప్రైమర్ లేని చోట గీస్తే పొడి గీత తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కీ ముందు ఈ గీత పరీక్ష చేస్తున్నాను.

తర్వాత పని ఎండ తగ్గాకే మొదలుపెట్టాను. ఎండలో పైపు వేడెక్కి, తోసేలోపే సొల్యూషన్ మీద తొడుగు కడుతుంది. పైపు నిటారుగా కోసి, లోపలా బయటా కోతకు లేచిన పీచు తీసి, బయటి అంచు కొద్దిగా ఏటవాలు చేశాను. పదును అంచు సాకెట్‌లోని సొల్యూషన్‌ను గీకి ముందుకు తోసేస్తుంది. చివర నుంచి 28 మిల్లీమీటర్ల దగ్గర మార్కర్‌తో చుట్టూ గీత పెట్టాను. పూసేటప్పుడు ప్రైమర్ ఆ గీతను చెరిపేస్తుంది కాబట్టి అదే కొలతకు 50 మిల్లీమీటర్లు కలిపి, 78 దగ్గర ఇంకో గీత. అతికించాక రెండో గీత సాకెట్ మూతికి సరిగ్గా 50 దూరంలో ఉంటే పైపు అడుగు తాకినట్టే.

సాకెట్‌కి, పైపుకి ప్రైమర్. అది తడిగా ఉండగానే పైపుకి దండిగా, సాకెట్‌కి పల్చగా, మళ్లీ పైపుకి సొల్యూషన్. సాకెట్‌లో ఎక్కువ పోస్తే అడుగున మడుగు కట్టి పైపు గోడనే బలహీనం చేస్తుంది. పావు చుట్టు తిప్పుతూ అడుగుదాకా తోసి, 30 లెక్కపెట్టేదాకా పట్టుకున్నాను. ఆ 30 సెకన్లలో ఒక జాయింటు వెనక్కి నెట్టడం చేతికి స్పష్టంగా తెలిసింది. మూతి చుట్టూ తెగకుండా సన్నటి పూస కనబడితే సొల్యూషన్ సరిపోయినట్టు. మిగిలింది గుడ్డతో తుడిచాను. ఆవిరి మంట అంటుకునే రకం కాబట్టి దగ్గర్లో అగ్గి లేకుండా చూసుకున్నాను.

సోమవారం

పంపు ముట్టుకోలేదు. గట్టిపడటం వేరు, ఆరడం వేరు. ఈ సైజు పైపు జాయింటు రెండు నిమిషాల్లో చేతికి గట్టిగా తగులుతుంది కానీ లోపలి ద్రావకం ఆవిరై బయటికి పోవాలి. అంగుళం పైపుకి, మామూలు వేడిలో, 11 కేజీల ఒత్తిడి దాకా 15 నిమిషాలు చాలని సాధారణ పట్టికల్లో ఉంటుంది. కానీ అది సాకెట్ నిండా దిగి, సరిగ్గా అతికిన జాయింటు లెక్క. గాలిలో తేమ 60 శాతం దాటితే యాభై శాతం ఎక్కువ సమయం ఇవ్వమంటాయి. వానాకాలం, పైగా నా చేతి పని కొత్త. అందుకే 24 గంటలు ఆగాను. ద్రావకపు ఆవిరి లోపల నిలవకుండా లైను చివరలు తెరిచే ఉంచాను.

మంగళవారం ఉదయం

ముందు ట్యాంకు నీటితో లైను నింపి, చివరి వాల్వు నుంచి గాలి మొత్తం పోనిచ్చాను. గాలితో ఒత్తిడి పరీక్ష చేయకూడదు. నొక్కుకున్న గాలి దాచుకునే శక్తి నీటికన్నా చాలా ఎక్కువ, పైపు పగిలితే ముక్కలు ఎగురుతాయి. తర్వాత పంపు వేసి 2 కేజీలకు తీసుకెళ్లి వాల్వులు మూశాను. అరగంట ముల్లు కదల్లేదు. ప్రతి జాయింటు కింద టిష్యూ కాగితం చుట్టి చూశాను, 13 పొడిగానే ఉన్నాయి. ఒక టీ కింద కాగితం తడిసింది, తుడిచి మళ్లీ చుట్టి పావుగంట తర్వాత చూస్తే పొడి. పక్క కుండీ నుంచి పడిన చుక్క. ఆ టీని రేపు మళ్లీ చూస్తాను, తర్వాత డ్రిప్ గొట్టాలు తగిలించాలి.